ఎక్కాలు వచ్చు, కానీ పరీక్షలో చేతికి రావడం లేదు: సమస్య - పరిష్కారం

విశాఖ ద్వారకానగర్‌లో బ్యాంకు, రైల్వే పరీక్షలకు చదివేవాళ్లకు అర్థమెటిక్ చెబుతుంటాను. "ఇరవై వరకూ ఎక్కాలొచ్చు, ముప్పై వరకూ వర్గాలొచ్చు, అయినా టైమ్ సరిపోవట్లేదు సార్" అంటూ వచ్చేవాళ్లే ఎక్కువ. ఐబీపీఎస్ క్లర్క్ ప్రిలిమ్స్‌లో న్యూమరికల్ ఎబిలిటీకి 20 నిమిషాల్లో 35 ప్రశ్నలు చేయాలి. చదవడంతో కలిపి ఒక్కోదానికి దొరికేది 34 సెకన్లే, తప్పు పెడితే పావు మార్కు కోత. ఒక లెక్కలో మూడు గుణకారాలుండి ఒక్కోదానికి ఆరు సెకన్లు పోతే, సగం సమయం ఎక్కాలకే అయిపోయినట్టు. అందుకని షార్ట్‌కట్లు నేర్పే ముందు, ఆలస్యం సరిగ్గా ఎక్కడ జరుగుతోందో చూస్తాను. మామూలుగా కనిపించేవి ఇవి.

సమస్య: 17 × 8 అడిగితే పదిహేడొకట్ల పదిహేడు నుంచి మొదలవుతోంది

ఇది తెలుసుకోవడం తేలిక. ఎవరినైనా పక్కన కూర్చోబెట్టుకుని 17 × 3, 17 × 8, 17 × 4, 17 × 7 ఇలా వరస తప్పించి అడిగించుకోండి. మూళ్లు వెంటనే వచ్చి, ఏళ్లు, ఎనిమిదులు ఆలస్యంగా వస్తుంటే మీరు గుర్తుచేసుకోవడం లేదు, పైనుంచి చదువుకుంటూ వస్తున్నారన్నమాట. గాజువాక నుంచి వచ్చే ఒక అమ్మాయి దగ్గర ఇది స్పష్టంగా చూశాను. 17 × 3 అనగానే 51 అంది. 17 × 8 అనగానే పెదవులు కదిలాయి, వేళ్లు ఒక్కొక్కటే ముడుచుకున్నాయి, తర్వాత 136 వచ్చింది. విచిత్రంగా 17 × 9 మాత్రం త్వరగా చెప్పింది, ఎందుకంటే అక్కడ 170 లోంచి 17 తీసేసింది.

కారణం మనం నేర్చుకున్న తీరులోనే ఉంది. బడిలో ఎక్కం ఒక పాటలా వరసగా అప్పజెప్పాం. ఆ వరసలో ముందు మాట తర్వాతి మాటను అందిస్తుంది. మధ్యలోంచి ఎత్తుకోమంటే అందించే మాట ఉండదు, కాబట్టి నోరు మళ్లీ మొదటికి వెళుతుంది. ఇలాంటివాళ్లు రోజూ ఇంకో నాలుగుసార్లు ఎక్కం అప్పజెప్పినా ప్రయోజనం తక్కువ. పాట ఇంకా గట్టిపడుతుంది, అంతే.

దీనికి మందు అట్ట ముక్కలు. 12 నుంచి 19 వరకూ ఎక్కాల్లో రెళ్ల నుంచి తొమ్మిదుల వరకూ తీసుకుంటే మొత్తం 64 ముక్కలు. ముందువైపు 17 × 8, వెనకవైపు 136. బాగా కలిపి ఒక్కొక్కటే తీయండి. రెండు సెకన్లలో వస్తే ఒక కట్ట, ఆలస్యంగా వస్తే రెండో కట్ట, తప్పితే లేదా వరసలోంచి లెక్కపెట్టుకుంటే మూడో కట్ట. మూడో కట్టను ఆ రోజే సాయంత్రం మళ్లీ తిప్పాలి, రెండో కట్టను మర్నాడు, మొదటిదాన్ని మూడు నాలుగు రోజులకు. చాలామంది 64 ముక్కల్నీ రోజూ తిప్పుతారు. వచ్చినవాటి మీద సమయం పోయి, రానివి రానట్టే ఉండిపోతాయి.

మూడో కట్టలోవాటికి దగ్గరి దారి ఒకటి పెట్టుకోండి. ఎనిమిదులంటే మూడుసార్లు రెట్టింపు: 34, 68, 136. ఆర్లంటే అయిదుల మీద ఒకసారి కలపడం: 85, 102. తొమ్మిదులంటే పదుల్లోంచి ఒకటి తీయడం. ఇది తాత్కాలికమే. కొన్నాళ్లకు జవాబు దానంతటది ముందుకు రావాలి. నెల తర్వాత కూడా 34, 68 అనుకుంటూనే ఉన్నారంటే ఆ ముక్క ఇంకా మూడో కట్టలోదే.

బస్సులో వచ్చేవాళ్లకు ఇంకో సాధన ఉంది. గాజువాక నుంచి కాంప్లెక్స్ దాకా పక్కన వెళ్లే బండ్ల నంబర్లు చూడండి. పాత ఏపీ 31 అయినా, కొత్త ఏపీ 39 అయినా చివర నాలుగు అంకెలుంటాయి. 1738 కనిపిస్తే 17 × 3, 17 × 8. 1496 కనిపిస్తే 14 × 9, 14 × 6. ఏ బండి వస్తుందో మన చేతిలో ఉండదు కాబట్టి వరస దానంతటదే తెగుతుంది.

సమస్య: ఎక్కం వచ్చు, భిన్నంలో కొట్టివేత తట్టదు

91/119 కనిపిస్తే అలాగే పెట్టి భాగహారానికి దిగుతారు. ఎక్కాన్ని ఒకవైపే నేర్చుకోవడం దీనికి కారణం. 7 × 13 అడిగితే 91 చెబుతారు, 91 చూపిస్తే ఏడూ పదమూడూ గుర్తురావు. అట్ట ముక్కల్ని వెనకవైపు నుంచి కూడా తిప్పండి. ప్రధాన సంఖ్యల్లా మోసం చేసేవి కొన్నే: 51, 57, 87, 91, 119, 133, 143, 161, 187, 221. వీటిని విడిగా రాసి, ఒక్కోదాని పక్కన కారణాంకాలు వేసుకోండి. 119 అంటే 7 × 17 అని తట్టిన క్షణంలో పై భిన్నం 13/17 అయిపోతుంది.

సమస్య: 24, 26 వర్గాలు తారుమారు అవుతున్నాయి. ముప్పై దాటితే ఏదీ గుర్తుండదు

నిజానికి ఇది జ్ఞాపకశక్తి లోపం కాదు. 24 వర్గం 576, 26 వర్గం 676. రెండింటి చివరా 76 ఉంది. 23 వర్గం 529, 27 వర్గం 729, రెండింటి చివరా 29. పాతికకు అటూ ఇటూ సమాన దూరంలో ఉన్న ఏ జంటకైనా చివరి రెండంకెలు ఒకటే. ఎందుకంటే ఆ రెండు వర్గాల మధ్య తేడా ఎప్పుడూ వందల్లోనే ఉంటుంది:

(25 + n)² − (25 − n)² = 100n

గందరగోళం పుట్టించే ఈ పోలికే మనకు పనికొస్తుంది. 1 నుంచి 25 వరకూ వర్గాలు కంఠస్థం చేయండి. ఇక్కడ మినహాయింపు లేదు, అట్ట ముక్కల పద్ధతే. ఆ తర్వాత 27 కావాలంటే పాతికకు రెండు ఎక్కువ, కాబట్టి 23 వర్గానికి రెండు వందలు కలపాలి: 529 + 200 = 729. 37 కావాలంటే పన్నెండు ఎక్కువ, 13 వర్గానికి 1200 కలపాలి: 169 + 1200 = 1369.

నలభై నుంచి అరవై దాకా యాభైని పట్టుకోవడం సుఖం. 58 అంటే యాభైకి ఎనిమిది ఎక్కువ. 25కి 8 కలిపితే 33, అవి వందలు. పక్కన 8 వర్గం 64. జవాబు 3364. 47 అయితే మూడు తక్కువ: 25లోంచి 3 పోతే 22, పక్కన 09, జవాబు 2209. ఎనభై దాటితే వందను పట్టుకోండి. 93 వందకు ఏడు తక్కువ, 93లోంచి ఇంకో ఏడు తీస్తే 86, పక్కన 49, అంటే 8649.

ఈ పద్ధతిలో తప్పులు జరిగేది రెండు చోట్ల. మొదటిది సున్నా మింగేయడం. 53 వర్గానికి 28, 9 అని తెచ్చుకుని 289 రాస్తారు. పక్కన వచ్చేది ఎప్పుడూ రెండంకెల గది, కాబట్టి 09, జవాబు 2809. రెండోది ఆ గది పొంగినప్పుడు. 62కి 25 + 12 = 37, పక్కన 12 వర్గం 144. దాన్ని అలాగే అతికిస్తే 37144 అవుతుంది. గదిలో 44 ఉంచి 1ని ముందుకు పంపాలి: 3844. ఇది నోటితో చెప్పుకుంటే తప్పడం తగ్గుతుంది: "ముప్పై ఏడు వందలు, నూట నలభై నాలుగు, మొత్తం ముప్పై ఎనిమిది వందల నలభై నాలుగు." వందలని పలికితే గది దానంతటదే కుదురుకుంటుంది.

అరవై అయిదు నుంచి ఎనభై మధ్య మాత్రం ఈ దారులు కాస్త బరువు. 73కి యాభై నుంచి వెళితే 48 పక్కన 529 వస్తుంది. నేనైతే 75 నుంచి వెళ్లమంటాను: 5625లోంచి 300 తీసి 4 కలిపితే 5329. అయిదుతో ముగిసే వర్గాలు ఎలాగూ తెలిసినవే, 7 × 8 = 56, పక్కన 25.

సమస్య: పద్ధతులు చాలా తెలుసు, ఏది వాడాలో తేల్చుకునేలోపు సమయం పోతోంది

వీడియోలు చూసి పద్ధతుల్ని పేర్లతో నేర్చుకోవడం వల్ల ఇలా అవుతుంది. పరీక్షలో ప్రశ్న పేరు చెప్పదు, అంకెలే చూపిస్తుంది. గుణకారం మొదలుపెట్టే ముందు రెండు సంఖ్యల్నీ ఒక్కసారి పరికించండి. ఒకటి వందకు దగ్గరా? 64 × 97 అంటే 6400లోంచి 192 తీయడమే, 6208. రెండూ ఒక గుండ్రటి సంఖ్యకు సమాన దూరంలో ఉన్నాయా? 68 × 72 అంటే 4900 − 4. పాతిక ఉందా? 48 × 25 అంటే 48లో పావు 12, దానికి వందలు. ఈ మూడూ కాకపోతే పదులు, ఒకట్లు విడదీసి గుణించేయండి, ఇంకేమీ వెతకొద్దు.

వర్గాలు బాగా వచ్చినవాళ్లకు ఒక ప్రత్యేకమైన జబ్బు ఉంటుంది. ఈ లెక్క చూడండి:

37² − 28² + 17 × 8 = ?

1369, 784 గబగబా వేసి తీసివేతకు దిగుతారు. రెండు వర్గాల తేడా కనిపిస్తే ముందు కూడిక, తీసివేత చూడాలి: 9 × 65 = 585. దానికి 136 కలిపితే 721. మొదటి దారిలోనూ 721 వస్తుంది, కానీ అక్కడ తీసివేతలో అప్పు తెచ్చుకోవాల్సి వస్తుంది, తప్పు దొర్లేది అక్కడే.

సమస్య: ఇంట్లో సరిగ్గా వస్తోంది, మాక్ టెస్టులో అంకెలు తారుమారు

రఫ్ షీట్ చూస్తే సగం కేసుల్లో కారణం తెలిసిపోతుంది: మధ్యలో వచ్చిన సంఖ్యను రాయకుండా మనసులో పట్టుకుని ఇంకో గుణకారం చేసి ఉంటారు. ఒక అడుగు మనసులో చేయండి, దాని ఫలితం కాగితం మీద పెట్టండి. 585 అని రాయడానికి ఒక సెకను పడుతుంది, మర్చిపోతే లెక్క మొత్తం మళ్లీ చేయాలి.

సరిచూసుకోవడానికి ఒకట్ల స్థానం, అంకెల మొత్తం రెండూ కలిపి వాడండి. 37లో అంకెల మొత్తం 10, అంటే 1. దాని వర్గమూ 1. 1369లో అంకెల మొత్తం 19, అంటే 10, అంటే 1. సరిపోయింది. కానీ పొరపాటున 1396 రాసినా మొత్తం మారదు, ఈ పరీక్ష దాన్ని పట్టుకోలేదు. దాన్ని ఒకట్ల స్థానం పట్టుకుంటుంది, ఎందుకంటే ఏడుతో ముగిసే సంఖ్య వర్గం తొమ్మిదితోనే ముగియాలి. 3169 అని రాస్తే రెండు పరీక్షలూ ఒప్పేసుకుంటాయి. అక్కడ పరిమాణం చూడాలి: 37 నలభైకి లోపు, కాబట్టి వర్గం 1600 దాటదు. ఇచ్చిన ఆప్షన్లు దూరదూరంగా ఉంటే పరిమాణం ఒక్కటే చాలు, అంకెల మొత్తం జోలికి పోవద్దు. రెండు ఆప్షన్లు ఒకే అంకెతో ముగిసి దగ్గరగా ఉన్నప్పుడే దాన్ని బయటికి తీయండి.