ఇంటి దగ్గర జర్నల్స్ తెరుచుకోవడం లేదా? ముందు రెన్యువల్ రసీదు చూసుకోండి

క్యాంపస్‌లో చక్కగా తెరుచుకున్న జర్నల్ రాజోలు ఇంట్లో కూర్చుంటే ప్రాక్సీ సైన్ ఇన్ దగ్గర ఆగిపోతుంది. క్యాంపస్‌లో పబ్లిషర్ చూసేది యూనివర్సిటీ ఐపీ అడ్రసును మాత్రమే, మీ పేరు అడగడు. బయటి నుంచి వస్తే లైబ్రరీ ప్రాక్సీ ముందు మీరెవరో తేల్చుకుని, తన అడ్రసుతో పబ్లిషర్ దగ్గరికి తీసుకెళ్తుంది. అందుకే ఖాతాలో లోపం ఉన్నా క్యాంపస్‌లో ఉన్నన్నాళ్లూ బయటపడదు.

దరఖాస్తు పెద్ద పనేం కాదు. మామూలుగా రిమోట్ యాక్సెస్ ఫారం, ఐడీ కార్డు నకలు, గైడ్ సంతకం ఉంటే సరిపోతుంది. చాలామంది తడబడేది ఈ ఏడాది రిజిస్ట్రేషన్ ఫీజు రసీదు దగ్గర.

వనామీ రొయ్యల జబ్బుల మీద పీహెచ్‌డీ చేస్తున్న ఒకమ్మాయికి ఇదే జరిగింది. పాస్‌వర్డ్ తప్పని వస్తోందని మూడుసార్లు మార్చుకుంది. నెట్ సెంటర్ వాడు ఐదొందలు పుచ్చుకుని నాలుగోసారి మార్చాడు. చిత్రమేమిటంటే అదే పాస్‌వర్డ్‌తో ఫీజు పోర్టల్ తెరుచుకుంటోంది! అక్కడే అనుమానం రావాలి. పాస్‌వర్డ్ సరిగ్గానే ఉంది, లైబ్రరీ జాబితాలో ఆమె గడువు జూన్ 30తో అయిపోయింది. ఫీజు జూలైలో కట్టింది కానీ ఆ సంగతి లైబ్రరీకి దానంతటదే చేరలేదు. రసీదు, ఐడీ నంబరు, స్క్రీన్‌షాట్ కలిపి లైబ్రరీకి మెయిల్ పెడితే మర్నాడు తెరుచుకుంది. అంతకుముందు పెట్టిన మెయిల్‌లో "ఓపెన్ అవట్లేదు సార్" అని మాత్రమే రాసిందట, దానికి ఎవరేం చేయగలరు?

పాస్‌వర్డ్ ఒప్పుకుని మళ్లీ సైన్ ఇన్ పేజీకే తిప్పుతుంటే సమస్య వేరు. బ్రౌజర్ కుకీలను అడ్డుకుంటోందేమో చూడండి, వేరే బ్రౌజర్‌లో ప్రయత్నించండి. తెరమీద `config.txt` అన్న మాట కనిపిస్తే ఆ జర్నల్ సైటును ప్రాక్సీలో ఇంకా చేర్చలేదని అర్థం. దాన్ని లైబ్రరీవాళ్లే చేర్చాలి, మీ తప్పేమీ లేదు, టెన్షన్ పడకండి.

పాస్‌వర్డ్ మాత్రం ఎవరి చేతికీ ఇవ్వకండి. మీ ఖాతాతో ఎవరైనా వందలాది పేపర్లు ఒక్కసారిగా దించితే పబ్లిషర్ ప్రాక్సీ అడ్రసునే ఆపేయవచ్చు. అప్పుడు మీతోపాటు ఇంటి నుంచి చదివే అందరికీ ఆగిపోతుంది. ఎవరి ఖాతా అన్నది లాగ్‌లో కనబడుతుంది, సంజాయిషీ మీరే ఇచ్చుకోవాలి.

లోపలికి వెళ్లారో లేదో అడ్రసు బార్ చెబుతుంది. `www.sciencedirect.com` అని మామూలుగా ఉంటే మీరు ప్రాక్సీ బయటే ఉన్నట్టు. చాలా ప్రాక్సీల్లో చుక్కల బదులు గీతలు వచ్చి `www-sciencedirect-com` అని మొదలై, వెనక యూనివర్సిటీ పేరు కనిపిస్తుంది. గూగుల్‌లో దొరికిన లింకు నొక్కితే అలా మారదు, లైబ్రరీ పేజీలోని లింకు నుంచే బయల్దేరాలి.