ఫొటోలోని గింజలు పెసలా, మినుములా? గుర్తుపట్టడం ఎలా?

గింజల ఫొటో చూడగానే చాలామంది మొదట రంగును బట్టి నిర్ణయానికి వస్తారు. పచ్చగా ఉంటే పెసలని, నల్లగా ఉంటే మినుములని చెప్పేస్తారు. నల్లని పెసలు ఉన్నాయి, పచ్చని మినుములూ ఉన్నాయి కాబట్టి ఈ పద్ధతి నమ్మదగినది కాదు. మెరుపును నమ్ముకోవడం కూడా అంతే పొరపాటు. పెసరలోనూ మినుములోనూ పాలిష్ రకాలూ సాదా రకాలూ రెండూ సాగులో ఉన్నాయి. పెసర గింజ మసకగా కనిపించడానికి కారణం, కాయ లోపలి పొర గింజ తోలు మీద సన్నగా అంటుకొని మిగిలిపోవడమే. ఆ పొర లేని గింజ నిగనిగలాడుతుంది, అయినా అది పెసరే. అందువల్ల రంగునూ మెరుపునూ చివరికి వదిలిపెట్టి, కొలతతో మొదలుపెట్టాలి.

ఫొటో మీరే తీస్తున్నట్లయితే గింజలను మెరుపులేని నీలిరంగు కాగితం మీద పలుచగా చల్లండి. తెల్ల కాగితం వద్దు, ఎందుకంటే మనం వెదకవలసిన గుర్తు తెల్లగానే ఉంటుంది. ఫ్లాష్ ఆపి, కిటికీ పక్కన నీడపట్టున, ఫోన్‌ను కాగితానికి సమాంతరంగా పట్టుకొని తీయండి. పక్కన స్కేలు ఉంచడం ఉత్తమం. నాణెం ఉంచేటట్లయితే పది రూపాయల నాణెమే ఉంచాలి, దాని వ్యాసం 27 మిల్లీమీటర్లు. రూపాయి నాణెం పరిమాణం ఏళ్ల తరబడి మారుతూ వచ్చింది కనుక కొలతకు పనికిరాదు.

కొలత తీయడం తేలిక. ఫొటోలో నాణెం 540 పిక్సెళ్ల వెడల్పు ఉంటే 27తో భాగించగా మిల్లీమీటరుకు 20 పిక్సెళ్లు వస్తాయి. 84 పిక్సెళ్ల పొడవున్న గింజ 4.2 మిల్లీమీటర్లన్నమాట. ఒకే గింజను కొలవకుండా కనీసం పది గింజలను కొలవండి. సుమారు 6 మిల్లీమీటర్లు దాటి, మూత్రపిండం ఆకారంలో ఉండి, తెల్లని మచ్చ చుట్టూ ముదురు రంగు వలయం ఉంటే అవి అలసందలు. చదునుగా, పలుచగా ఉండి, అంచులు కొంచెం కోణాలు తేలినట్లుంటే ఉలవలు. ఈ రెండింటినీ తీసివేశాక 3 నుంచి 5 మిల్లీమీటర్ల మధ్య మిగిలిన ఉబ్బెత్తు గింజల దగ్గరే అసలు చిక్కు మొదలవుతుంది. పెసర గింజ చివరలు గుండ్రంగా తిరుగుతాయి, మినప గింజ చివరలు కోసినట్లు కొంచెం మొండిగా ఉంటాయి. కానీ కాయలో ఇరుకుగా పెరిగిన పెసర గింజలకూ చివరలు మొండిగా తయారవుతాయి కాబట్టి, ఆకారం అనుమానాన్ని ఇస్తుందే తప్ప తీర్పును ఇవ్వదు.

తీర్పు ఇచ్చేది విత్తుచార. గింజ కాయను అంటిపెట్టుకొని ఉన్న చోట, అది ఊడివచ్చిన తరువాత మిగిలే మచ్చనే విత్తుచార అంటారు. పెసరలోనూ మినుములోనూ ఇది తెల్లగానే ఉంటుంది, రెండింటిలోనూ గింజ పక్క అంచునే ఉంటుంది. అందువల్ల "తెల్ల మచ్చ ఉంది, కాబట్టి మినుములు" అని చెప్పడం అర్థం లేని మాట. చూడవలసింది మచ్చ ఎత్తును. పెసరలో విత్తుచార గింజ తోలుతో సమంగా, చదునుగా ఉంటుంది. మినుములో దాని చుట్టూ తెల్లని గట్టు పెదవిలాగా పైకి లేచి, మధ్యభాగం లోపలికి దిగి ఉంటుంది.

నేరుగా పై నుంచి తీసిన ఫొటోలో ఈ ఎత్తు కనిపించదు. కెమెరా వైపు తిరిగి ఉన్న మచ్చల్లో రెండూ పొడవైన తెల్లని గీతల్లాగానే ఉంటాయి, అందరూ పొరబడేది కూడా ఇక్కడే. కాబట్టి మచ్చ బాగా కనిపించే గింజలను కాక, పక్కకు ఒరిగి మచ్చ అంచు మీద పడిన గింజలను వెదకండి. వాటి బాహ్యరేఖను ఒక కొన నుంచి మరో కొన వరకు నెమ్మదిగా చూపుతో అనుసరించండి. మచ్చ ఉన్న చోట రేఖ ఏ ఆటంకమూ లేకుండా సాగిపోతే పెసర, అక్కడ చిన్న తెల్లని బుడిపె బయటికి పొడుచుకొని వస్తే మినుము. ఇలా కనీసం నాలుగైదు గింజలైనా దొరికేవరకు నిర్ణయం చెప్పకండి. ఫొటోను పెద్దది చేసినప్పుడు అంచులు చదరాలుగా విడిపోతుంటే, అది ఈ పనికి చాలని ఫొటో.

విత్తుచార అని భ్రమింపజేసే తెల్లని గుర్తులు మూడున్నాయి. మొదటిది వెలుతురు మెరుపు. పాలిష్ గింజ మీద పడిన కాంతి తెల్లని చుక్కలా కనిపిస్తుంది. అయితే ఆ చుక్క ఫొటోలోని అన్ని గింజల మీదా ఒకే వైపున ఉంటుంది, విత్తుచార మాత్రం గింజ ఎటు తిరిగితే అటు ఉంటుంది. రెండవది పుచ్చు పురుగు గుడ్లు. నిల్వ ఉన్న అపరాల గింజల మీద ఇవి తెల్లని చిన్న చుక్కలుగా అంటుకొని, ఒకే గింజ మీద రెండు మూడు చోట్ల కూడా ఉంటాయి. గింజకు విత్తుచార ఒక్కటే ఉంటుంది. పక్కన గుండ్రని రంధ్రాలున్న గింజలు కనిపిస్తే ఈ అనుమానం బలపడుతుంది. మూడవది నూర్పిడిలో పొట్టు లేచిపోయిన చోటు. దాని అంచు చిరిగినట్లు వంకరటింకరగా ఉంటుంది, విత్తుచార అంచు ఎప్పుడూ నున్నగా, పొడవుగా ఉంటుంది.

ఆ మూడవ గుర్తు మోసం చేసినా ఒక మేలు కూడా చేస్తుంది. పొట్టు లేచిన గింజలోనూ విరిగిన గింజలోనూ లోపలి పప్పు కనిపిస్తుంది. అది పసుపుపచ్చగా ఉంటే పెసర, పాలమీగడ రంగులో ఉంటే మినుము. తోలు పచ్చగా ఉందా నల్లగా ఉందా అన్నదానితో దీనికి సంబంధం లేదు. చల్లిన గింజల్లో ఒకటి రెండు విరిగినవి దాదాపు ఎప్పుడూ ఉంటాయి, ముందుగా ఏరి పారేస్తారు కాబట్టే కనిపించవు. ఫొటో తీసేవారు దయచేసి విరుగుళ్లను ఏరవద్దు.

ఒక ఉదాహరణను మొదటి నుంచి చివరి దాకా చూద్దాం. ఫొటోలో మసక ఆకుపచ్చ గింజలు, పక్కన పది రూపాయల నాణెం ఉన్నాయి. కొలిస్తే గింజలు 4.3 నుంచి 4.9 మిల్లీమీటర్ల మధ్య తేలాయి. అలసందలకు చిన్నవి, ఉబ్బెత్తుగా ఉన్నాయి కనుక ఉలవలు కావు. చివరలు మొండిగా ఉన్నాయి, అయినా తొందరపడకూడదు. పక్కకు ఒరిగిన గింజలు ఆరు దొరికితే, అయిదింటిలో అంచు మీద తెల్లని బుడిపె స్పష్టంగా బయటికి వచ్చింది. ఆరవదానిలో మచ్చ నీడలో పడింది కాబట్టి దానిని లెక్కలోకి తీసుకోలేదు. మూలన ఉన్న విరిగిన గింజలో పప్పు మీగడ రంగులో ఉంది. ఇవి పచ్చని మినుములు. నెట్‌లోని చిత్రాల పక్కన పెట్టి పోల్చేవారు ఇదే ఫొటోను పెసలని చెబుతారు, ఎందుకంటే ఆ పోలిక మొత్తం రంగు మీదే నడుస్తుంది.

రెండు కలిసిన రాశి అయితే గింజ గింజకూ విడిగా తీర్పు చెప్పవలసి వస్తుంది, మచ్చ కనిపించని గింజలను "తెలియదు" అనే లెక్కలోనే ఉంచాలి. ఫొటోను బట్టి పంట ఏదో చెప్పవచ్చు గాని, అందులో ఏ రకమో చెప్పలేము. విత్తనం కోసం అడుగుతున్నవారికి రకం పేరు ఫొటో చూసి ఎవరైనా చెబితే దానిని నమ్మకూడదు. ఒరిగిన గింజ ఒక్కటీ దొరకకపోతే, అవే గింజలను మళ్లీ చల్లి, ఫోన్‌ను ఈసారి కాగితానికి ఏటవాలుగా పట్టి రెండవ ఫొటో తీయమని అడగండి. కొలతలు మాత్రం మొదటి ఫొటో నుంచే తీసుకోవాలి, ఏటవాలు ఫొటోలో అవి తప్పుతాయి.