ఈతకు దిగే ముందు: బ్లీచ్ చేసిన జుట్టు ఆకుపచ్చగా మారకుండా

చెన్నైలో ఏప్రిల్ వచ్చిందంటే అపార్ట్‌మెంట్ పిల్లలంతా స్విమ్మింగ్ పూల్‌లోనే ఉంటారు. జుట్టుకు బ్లీచ్ చేయించుకుని లేత రంగు వేయించుకున్నవాళ్లు నీళ్లలో దిగే ముందు ఒక సంగతి తెలుసుకోవాలి. జుట్టును ఆకుపచ్చగా మార్చేది క్లోరిన్ అనుకుంటాం గానీ, అసలు కారణం నీళ్లలో ఉండే రాగి. నాచు పట్టకుండా కొన్ని పూల్స్‌లో మైలుతుత్తం లాంటి రాగి మందులు కలుపుతారు. బ్లీచ్ చేసిన వెంట్రుక గుల్లబారి ఉంటుంది కాబట్టి ఆ రాగిని ఇట్టే పీల్చేసుకుంటుంది.

అందుకే దిగే ముందే తలను మంచినీళ్లతో బాగా తడపండి. ముందే నీళ్లు తాగిన జుట్టు పూల్ నీళ్లను తక్కువ పీలుస్తుంది. కొసలకు కొబ్బరినూనె రాసి, పైన క్యాప్ పెట్టుకోండి. బయటికి రాగానే, జుట్టు ఆరకముందే కడిగేయండి.

పోయిన మే నెలలో మా అక్క కూతురు ఇవేవీ చేయలేదు. మూడో వారానికి కొసలు లేత మామిడికాయ తొక్క రంగుకొచ్చాయి. కంగారుపడి రెండుసార్లు పర్పుల్ షాంపూ పెట్టింది, లాభం లేకపోయింది. అది పసుపుదనాన్ని తగ్గిస్తుందే తప్ప రాగిని లాగదు.

రంగు, పైపూత లేని మామూలు విటమిన్ సి మాత్రలు, 500 మిల్లీగ్రాములవి, ఆరు తెప్పించాను. మెత్తగా పొడి చేసి, క్యాన్ వాటర్‌తో పల్చటి ముద్దగా కలిపాను. మా బోరు నీళ్లలో ఖనిజాలు ఎక్కువ, అందుకే అవి వాడలేదు. మాడుకు తగలకుండా తడి జుట్టుకు పట్టించి, షవర్ క్యాప్ పెట్టి ఇరవై నిమిషాలు ఉంచాం. తర్వాత జుట్టుకు పట్టిన లోహాలను లాగేసే చీలేటింగ్ షాంపూతో కడిగి, కండిషనర్ పెట్టాం. మొదటిసారికే చాలావరకు పోయింది, మిగిలినది వారం తర్వాత ఇంకోసారి చేస్తే పోయింది. మాడు మీద పుండ్లు ఉంటే మాత్రం ఇది వద్దు. పైన వేసిన రంగు కూడా కొంచెం వెలిసిపోవచ్చు, కాబట్టి ముందు లోపలి పాయ ఒకదాని మీద చూసుకోండి.

బూడిద ఛాయనిచ్చే యాష్ డై వేసిన రోజే ఆకుపచ్చ కనిపిస్తే అది రాగి కాదు. యాష్‌లో ఉండే నీలం, అడుగున మిగిలిన పసుపుతో కలిసి పచ్చబడింది. దానికి విరుగుడు ఎరుపు. ఎర్రటి కలర్ మాస్క్ చిటికెడు తీసుకుని కండిషనర్‌లో బాగా కలిపి, ఒక పాయకు రెండు నిమిషాలు పెట్టి చూడండి. గులాబీ రంగుకు తిరుగుతుంటే వెంటనే కడిగేయాలి.

పచ్చదనం పోగొట్టాలని మళ్లీ బ్లీచ్ మాత్రం వేయకండి. రాగి ఉన్న జుట్టు మీద బ్లీచ్‌లోని పెరాక్సైడ్ పడితే వేడెక్కి వెంట్రుకలు తెగిపోవచ్చు. సెలూన్‌కు వెళ్తే ఈతకు వెళ్లిన సంగతి ముందే చెప్పండి.