ఫ్రీలాన్స్ పాఠాలు – 6: శుక్రవారం రిపోర్టు

పోయిన పాఠంలో పనిని చిన్న టాస్కులుగా విడగొట్టాం. ఈసారి వాటి సంగతి వారం చివర క్లయింటుకు ఎలా చెప్పాలో చూద్దాం. మీరు విజయవాడలో ఉన్నారు, క్లయింటు షికాగోలో ఉన్నారు అనుకోండి. ఆయన పుస్తకాల షాపు వెబ్‌సైటులో మీరు స్ట్రైప్‌తో పేమెంట్లు పెడుతున్నారు.

ముందు పూర్తయినవి. 'పేమెంట్ అయిపోయింది' అని రాస్తే ఆయన మీ మాట నమ్మాలి, అంతే. స్వయంగా చూసుకునేలా రాయండి: 'స్టేజింగ్ లింకు ఇది. ఒక పుస్తకం కార్టులో వేసి `4242 4242 4242 4242` టెస్ట్ కార్డుతో కట్టండి, ఆర్డరు మెయిల్ వస్తుంది. ఖాతాలో డబ్బు చాలకపోతే ఏ మెసేజ్ కనిపిస్తుందో `4000 0000 0000 9995`తో చూడండి.' కోడ్ సర్దుబాట్లకు ఒక్క లైను చాలు. వాటి గురించి పేరా రాస్తే ఆయన చదవరు.

అసలు చిక్కు జరుగుతున్న పనుల దగ్గరే. 'రిఫండ్ 80% అయింది' అని రాస్తారు చాలామంది. వచ్చే వారం అది 90%, ఆ పై వారం కూడా 90%. అక్కడితో క్లయింటుకు టెన్షన్ మొదలవుతుంది. శాతం వదిలేసి ఏది నడుస్తోంది, ఏది మిగిలింది, దేని కోసం ఆగాం అని రాయండి:

'ఆర్డరు మొత్తం రద్దయితే రిఫండ్ వెళ్తోంది. మూడు పుస్తకాల్లో ఒకటే వెనక్కి వస్తే ఎంత ఇవ్వాలన్నది మిగిలింది. అప్పుడు షిప్పింగ్ చార్జీ కూడా తిరిగి ఇవ్వాలా? మీ టైము ప్రకారం మంగళవారం సాయంత్రం 5లోగా చెప్పండి. అప్పటికి జవాబు రాకపోతే, ఇవ్వకుండా ఉండేలా స్టేజింగ్‌లో పెడతాను. మీరు ఒప్పుకునే దాకా లైవ్‌లోకి పంపను.'

ఆ చివరి వాక్యం మరవకండి. జవాబు రాకపోయినా పని ఆగకూడదు, కానీ డబ్బు, డేటా తొలగింపు లాంటి విషయాల్లో మౌనాన్ని అంగీకారంగా తీసుకోకూడదు. ఇలాంటి ప్రశ్న ఉంటే దాన్ని మెయిల్ మొదటి లైనులోనే పెట్టండి. ఫోనులో మెయిల్ తెరిచేవాళ్లు కింది దాకా వెళ్లరు.

రాబోయేవాటిలో రెండు పనులు చాలు. వాటిలో ఏదైనా క్లయింటు జవాబు మీద ఆధారపడితే అది చెప్పండి: 'బుధవారం నుంచి కూపన్లు. రిఫండ్ జవాబు ఆలస్యమైతే కూపన్లు ముందు చేస్తాను, రిఫండ్ ఆ పై వారానికి వాయిదా పడుతుంది.' ఆలస్యం ఎవరి వల్లో నిందించకుండానే తెలిసిపోతుంది.

ఎప్పుడు పంపాలి? వేసవిలో మన శుక్రవారం సాయంత్రం 6:30కి షికాగోలో ఉదయం 8. నవంబరు మొదటి ఆదివారం వాళ్ల గడియారం గంట వెనక్కి వెళ్తుంది. అప్పటి నుంచి మార్చి రెండో ఆదివారం దాకా మీరు 7:30కి పంపాలి.

అభ్యాసం: మీ పాత రిపోర్టు ఒకటి తీసి, అందులో శాతం ఉన్న ప్రతి లైనునూ పై పద్ధతిలో తిరగరాయండి. రిపోర్టుకు జవాబే రాకపోతే ఏం చేయాలో 7వ పాఠంలో.