రాత్రి రెండు గంటల కాల్ మోగి ఆగిపోకుండా

బెంగళూరులో మన తెలుగువాళ్లు వాలంటీర్లుగా ఇరవై నాలుగు గంటల హెల్ప్‌లైన్ నడుపుతుంటే, పగలు నాలుగు గంటల షిఫ్టులు పెట్టినా రాత్రి పది నుంచి ఆరు వరకు రెండేసి గంటలే పెట్టండి. రెండు నుంచి నాలుగు వరకు ఉండే షిఫ్టు అన్నిటికన్నా కష్టం. అది ఒకరికే వారంలో రెండోసారి వేయొద్దు.

తర్వాతి షిఫ్టు మనిషినే బ్యాకప్‌గా రాసేస్తారు చాలామంది. పగలు పర్లేదు. రాత్రి ఆ మనిషి ఫోన్ సైలెంట్‌లో పెట్టి నిద్రపోతుంటాడు. రాత్రికి బ్యాకప్ వేరే మనిషి ఉండాలి, రింగర్ ఆన్‌లో ఉండాలి.

ఇక వాలంటీర్ ఫోన్‌లో కాల్ ఫార్వర్డింగ్. ఎత్తకపోతే బ్యాకప్‌కి వెళ్లేలా అందరూ పెడతారు. కానీ ఫోన్ ఆఫ్ అయినా సిగ్నల్ లేకపోయినా వెళ్లేది వేరే సెట్టింగ్, బిజీగా ఉన్నప్పుడు వెళ్లేది ఇంకో సెట్టింగ్. సంక్రాంతికి మారతహళ్లిలో బస్సెక్కిన వాలంటీర్‌కి దారిలో సిగ్నల్ పోతే మొదటి సెట్టింగ్ పనిచేయదు. మూడూ పెట్టి, ఫోన్ ఆఫ్ చేసి హెల్ప్‌లైన్‌కి ఒక కాల్ చేసి చూడండి.

రాత్రి తొమ్మిదికల్లా ఆ రాత్రి షిఫ్టుల వాళ్ల నుంచీ, బ్యాకప్ నుంచీ "ఉన్నాను" అని మెసేజ్ రావాలి. రాకపోతే అప్పుడే ఫోన్ చేయండి, ఇంకొకరిని వెతకడానికి టైముంటుంది.