తేడా ఎంతుందో చూస్తే తప్పు ఎక్కడుందో దొరుకుతుంది: పత్తి కొనుగోలు లెక్కల్లో సమస్య - పరిష్కారం

జిన్నింగ్ మిల్లు అకౌంట్స్‌లో కొత్తగా చేరిన మీకు మొదటి నెలలోనే ఎదురయ్యే పని ఇది. వరంగల్ ఎనుమాముల మార్కెట్లో రైతుల దగ్గర కొన్న పత్తికి ఒక్కో తక్‌పట్టీని, అంటే బరువు, ధర, మొత్తం రాసిన చీటీని, ఎక్సెల్ షీట్‌లో ఎక్కిస్తారు. టాలీలో కొనుగోలు ఎంట్రీ వేస్తారు. నెలాఖరుకు ఆ మొత్తం మీద 5 శాతం జీఎస్టీ లెక్కగట్టి, వచ్చే నెల 20లోగా జీఎస్టీఆర్-3బీ రిటర్ను వేస్తాం. రైతు అమ్మిన పత్తికి పన్ను కట్టాల్సింది కొన్న మనమే. దీన్నే రివర్స్ ఛార్జ్ అంటారు. ఈ పన్నును క్రెడిట్‌లోంచి సర్దడానికి లేదు, నగదుగానే కట్టాలి. పైగా 3బీ ఒకసారి దాఖలైతే సవరించే వీలుండదు, తప్పును తర్వాతి నెల రిటర్నులో సర్దుకోవాలి. తక్కువ కడితే ఏడాదికి 18 శాతం లెక్కన వడ్డీ పడుతుంది. అందుకే నా టేబుల్ మీదికి కాగితం రాకముందే ప్రతి అంకె రెండోసారి చూసి ఉండాలని పట్టుబడతాను.

రెండోసారి చూడడమంటే మొదటి నుంచి మళ్లీ కూడడం కాదు. ముందు తేడా ఎంతో చూడండి. తప్పు ఎలాంటిదో చాలాసార్లు ఆ అంకెలోనే తెలిసిపోతుంది.

షీట్ మొత్తం, టాలీ మొత్తం కలవడం లేదు. తేడా 9తో భాగించబడుతోంది

షీట్‌లో రూ. 96,41,910, టాలీలో రూ. 96,47,310 ఉన్నాయనుకోండి. తేడా 5,400. దీన్ని 9తో భాగిస్తే శేషం లేకుండా 600 వస్తుంది. రాసేటప్పుడు పక్కపక్క అంకెలు తారుమారైతే వచ్చే తేడా ఎప్పుడూ 9తో భాగించబడుతుంది. కాబట్టి మొదటి అనుమానం దాని మీదే.

ఇప్పుడు 600ను చదవండి. 6 అంటే తారుమారైన రెండు అంకెల మధ్య తేడా ఆరు. వెనకున్న రెండు సున్నాలు తప్పు వందల, వేల స్థానాల్లో జరిగిందని చెబుతున్నాయి. ఎక్కువ మొత్తం టాలీలో ఉంది. అంటే టాలీ ఎంట్రీలో వేల స్థానంలో పెద్ద అంకె, వందల స్థానంలో చిన్న అంకె ఉండాలి. ఆ రెండు స్థానాల్లో 60, 71, 82, 93 ఉన్న ఎంట్రీలను మాత్రమే వెతికితే సరిపోతుంది. రెండు వందల ఎంట్రీల పని ఏడెనిమిది ఎంట్రీలకు దిగుతుంది. అలా వెతికితే 1,38,240 దొరికింది. తక్‌పట్టీ తీస్తే 18.45 క్వింటాళ్లు, క్వింటాలు రూ. 7,200, మొత్తం 1,32,840. 28 రాయాల్సిన చోట 82 పడింది. ఎంట్రీ దిద్ది, రెండు మొత్తాలూ మళ్లీ తీసి కలిసాయో లేదో చూడండి. వదిలేసి ఉంటే రూ. 270 పన్ను ఎక్కువ కట్టేవాళ్లం.

ఈ సూత్రానికి హద్దు ఉంది. తేడా 9తో భాగించబడినంత మాత్రాన తారుమారే అయి ఉండాలని లేదు. ఒక సున్నా తగ్గినా, పెరిగినా అలాగే వస్తుంది. 45,000 బదులు 4,500 వేస్తే తేడా 40,500, అదీ 9తో పోతుంది. భాగించగా వచ్చినదాంట్లో సున్నాలు తీసేస్తే ఒక్క అంకె మిగలకపోతే (ఇక్కడ 4,500) ముందు సున్నాల తప్పు వెతకండి. రెండు తప్పులు ఒకేసారి జరిగితే ఈ దారి పనిచేయదు. అప్పుడు రోజువారీ మొత్తాలు పోల్చి, తేడా ఏ తేదీలో మొదలైందో పట్టుకోండి.

తక్‌పట్టీ మొత్తం, షీట్ గుణించిన మొత్తం వేరుగా ఉన్నాయి

మన దగ్గర ఎక్కువగా జరిగేది ఇదే, కొత్తవాళ్లు అంతగా పట్టించుకోనిదీ ఇదే. 18 క్వింటాళ్ల 5 కిలోలను షీట్‌లో 18.5 అని వేస్తారు. షీట్ దాన్ని 18 క్వింటాళ్ల 50 కిలోలుగా లెక్కిస్తుంది. సరైనది 18.05. రూ. 7,200 ధరకు 45 కిలోల తేడా రూ. 3,240 అవుతుంది. ఇదీ 9తో పోతుంది, 360 వస్తుంది. అది సరిగ్గా ఐదు కిలోల విలువ. అలా వచ్చిందంటే తప్పు బరువు గడిలోనే ఉంది.

శాశ్వతంగా పోవాలంటే క్వింటాళ్లకు ఒక గడి, కిలోలకు ఒక గడి పెట్టండి. షీట్‌నే కలపనివ్వండి:

```
=B2+C2/100
```

కిలోల గడిలో 99 దాటితే తీసుకోకుండా డేటా వ్యాలిడేషన్ పెట్టండి.

తేడా సరిగ్గా ఒక్క ఎంట్రీ అంత ఉంది

ఒక ఎంట్రీ వదిలేసి ఉండొచ్చు, రెండుసార్లు వేసి ఉండొచ్చు. తక్‌పట్టీ నంబర్లను వరుసలో పెడితే రెండూ బయటపడతాయి. అన్నీ ఉండి కూడా షీట్ మొత్తం తక్కువ వస్తుంటే, కాపీ చేసి తెచ్చిన అంకె టెక్స్ట్‌గా పడి ఉంటుంది. కంటికి అంకెలాగే కనిపిస్తుంది కానీ `SUM` దాన్ని కలపదు. ఇలా చూడండి:

```
=COUNTA(E2:E212)
=COUNT(E2:E212)
```

మొదటిది నిండిన గడులన్నీ లెక్కిస్తుంది, రెండోది అంకెలున్న గడులను మాత్రమే. రెండూ సమానం కాకపోతే ఆ నిలువు వరుస మొత్తాన్ని ఎంచుకుని `Data` > `Text to Columns` > `Finish` నొక్కండి. అప్పటికీ కలవకపోతే గడిలో ఖాళీలు దాక్కుని ఉన్నాయేమో చూసి చెరిపేయండి. చివర కొత్తగా చేర్చిన అడ్డు వరుస `SUM` పరిధిలోకి వచ్చిందో లేదో కూడా చూడాలి.

తేడా ఐదో పదో రూపాయలే

దీన్ని రౌండాఫ్ ఖాతాలోకి తోసేయాలనిపిస్తుంది. తోయొద్దు. ఒక చోట రూ. 40,000 ఎక్కువ, ఇంకోచోట రూ. 39,992 తక్కువ పడినా పైకి కనిపించేది ఎనిమిది రూపాయలే. నిజమైన రౌండాఫ్ అయితే ఒక్కో తక్‌పట్టీలో అర్ధ రూపాయి మించదు. రోజువారీ మొత్తాలు పోలిస్తే తేడా అన్ని రోజులకూ పైసల్లో పరుచుకుని కనిపించాలి. ఒకటి రెండు రోజుల్లోనే పెద్ద తేడాలు కనిపిస్తే అది రౌండాఫ్ కాదు.

అన్నీ కలిసాయి, అయినా లెక్క తప్పు

నాకు ఎక్కువ భయం దీనిదే, ఎందుకంటే తేడా ఉండదు కాబట్టి ఎవరూ వెతకరు. షీట్ చూసే టాలీలో వేస్తే, షీట్‌లోని తప్పు రెండు చోట్లా ఒకేలా ఉంటుంది, మొత్తాలూ కలుస్తాయి. అందుకే సరిచూసేది షీట్‌తో కాదు, తక్‌పట్టీతో. ఎంట్రీ వేసినవాళ్లు కాకుండా ఇంకొకరు తక్‌పట్టీ పట్టుకుని ఒక్కో అంకె విడిగా చదవాలి: "ఒకటి, మూడు, రెండు, ఎనిమిది" అని. "లక్షా ముప్పై రెండు వేలు" అని కలిపి చదివితే వినేవాళ్లు సగం తామే పూరించేసుకుంటారు. వేసినవాళ్లు తెర మీద చూసి టిక్ పెట్టాలి. బరువును ధరతో మళ్లీ గుణించి చూడాలి.

ఇంకో తప్పు మొత్తాల్లో ఎప్పటికీ కనిపించదు. వ్యాపారి జీఎస్టీ వేసి ఇచ్చిన బిల్లును రైతు కొనుగోలుగా ఎక్కించడం. పత్తి అదే, మొత్తం అదే, కానీ ఆ పన్ను వ్యాపారి కడతాడు, మనం రివర్స్ ఛార్జ్ కట్టనక్కర్లేదు. అలా ఎక్కిస్తే 3బీలో 3.1(డి) గడిలో లేని పన్ను పడి, ఊరికే నగదు పోతుంది. దాఖలు చేసే ముందు రివర్స్ ఛార్జ్ జాబితాలో జీఎస్టీ నంబరు గడిని ఫిల్టర్ చేయండి. అది ఖాళీగా ఉండాలి. ఒక్క నంబరు కనిపించినా ఆ బిల్లు తీసి, పన్ను వేసి ఉందో లేదో చూసి, సరైన జాబితాలోకి మార్చి, మొత్తాలు మళ్లీ తీసి నా దగ్గరికి తీసుకురండి.