ఏడవ పాఠం: తనిఖీకి పట్టే కాలం, దాని ఖరీదు

గత పాఠంలో పలాస జీడిపప్పు బట్టీలో పనిచేసే ఒకావిడ మాటల రికార్డింగు నుంచి పది నిమిషాలు ఇచ్చి, వ్రాతప్రతి తయారుచేసి ఎంత శాతం సరిగా వచ్చిందో మీరే లెక్కగట్టి పంపమన్నాను. వచ్చిన వాటిలో చాలావరకు తొంభై ఎనిమిది శాతం అని ఉంది గాని, అందులో సగానికి పైగా ప్రతుల్లో ఆవిడ చెప్పిన దానికి సరిగ్గా విరుద్ధమైన మాట ఉంది. కనుక సబ్‌టైటిళ్ల కాలవిభజన వచ్చే పాఠానికి వాయిదా వేసి, ఈసారి దీనినే చూద్దాం. హెడ్‌ఫోన్లు, టైపింగు సంగతులు మీకు తెలిసినవే కాబట్టి వాటి జోలికి పోవడం లేదు.

ఆవిడ అన్న మాట: "ఓనరు ఈ యేడు కూలి పెంచనేదు." మన శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో "లేదు" అన్నది "నేదు" అవుతుందని మీకు ఎవరూ చెప్పనక్కరలేదు, అయినా వెనుక యంత్రాల చప్పుడులో వేగంగా వినేసరికి చాలామంది "పెంచినాడు" అని వ్రాశారు. దానిని ఆంగ్ల సబ్‌టైటిల్లోకి మారిస్తే యజమాని కూలి పెంచినట్టే అవుతుంది, చూసేవారికి తెలుగు రాదు కనుక తప్పును పట్టేవారు కూడా ఉండరు. అదే రికార్డింగులో "ఇరవయ్యేళ్ళు" అన్నది ఇద్దరి ప్రతుల్లో "ఇరవై ఏడు" అయింది.

ఇప్పుడు శాతం లెక్క చూడండి. ఆ వాక్యంలో ఐదు మాటలు. ఒకటి తప్పితే ఎనభై శాతం సరి. మరొక చోట "మా మావ అక్కడే పని చేశాడని చెప్పింది" అన్న ఆరు మాటల వాక్యాన్ని ఒకరు "చేశాడు అని" అంటూ విడదీసి వ్రాశారు. మాటలను లెక్కించే సాధనం దీనిని ఒక మార్పు, ఒక అదనపు మాట, అంటే రెండు తప్పులుగా పడుతుంది. మిగిలేది అరవై ఏడు శాతం. అర్థాన్ని తలకిందులు చేసిన వాక్యానికి ఎనభై, ఏ హానీ లేని వాక్యానికి అరవై ఏడు! తెలుగులో మాటలు సంధితో కలిసిపోతాయి కాబట్టి, ఎక్కడ విడదీయాలో ముందుగా ఒప్పుకోకుండా చెప్పే శాతానికి విలువ లేదు. పని ఒప్పుకునేటప్పుడే రెండు సంగతులు వ్రాసి ఇవ్వండి: సంధి విడదీత తప్పు కాదు; అంకె, పేరు, అవును–కాదు మారితే ఒక్కటైనా తప్పే. మాండలికాన్ని వ్రాతప్రతిలో ఉన్నదున్నట్టు ఉంచుతానని నేను మూడవది కూడా చేరుస్తాను, "నేదు"ను "లేదు"గా దిద్దడం నాకు ఇష్టం ఉండదు.

ఈ తప్పులు చదివితే దొరకవు, ఎందుకంటే "పెంచినాడు" కూడా చక్కని తెలుగే. టైపు చేస్తున్నప్పుడే ప్రతి అంకెకు, పేరుకు, క్రియ చివర అనుమానం వచ్చిన చోటుకు `##` గుర్తు పెట్టి, మరునాడు ఉదయం ఆ చోట్ల ముందు వెనుక ఐదేసి సెకన్లు వినండి. ఆ తరువాత మొత్తం ఒకసారి, వ్రాతప్రతిని చూస్తూ, ఆపకుండా వినండి. అప్పటికీ తేలకపోతే ఊహించి వ్రాయకుండా `[అస్పష్టం 00:17:40]` అని వదిలేయండి.

మీలో చాలామంది ఈ తనిఖీని వదిలేయడానికి కారణం బద్ధకం కాదని మీ ధరల పట్టికలు చూస్తే అర్థమయింది. నిమిషానికి ధర అంటే రికార్డింగు నిమిషానికని అందరూ సరిగానే పట్టుకున్నారు గాని, అందులో టైపింగు కాలాన్నే లెక్కవేశారు. ఆ రికార్డింగు మొత్తం నలభై రెండు నిమిషాలు. మధ్య నుంచి ఐదు నిమిషాలు తీసుకుని నేను చేస్తే టైపింగుకు ముప్పై నాలుగు నిమిషాలు, తనిఖీకి పదకొండు పట్టాయి; అంటే నిమిషానికి తొమ్మిది నిమిషాల పని, మొత్తం ఆరు గంటల పద్దెనిమిది నిమిషాలు. గంటకు నూట యాభై రూపాయలు రావాలనుకుంటే నిమిషానికి 22.50 రూపాయలు అడగాలి, మొత్తం 945. టైపింగు మాత్రమే లెక్కవేసిన వారికి నిమిషానికి 17 వచ్చింది, మొత్తం 714. ఆ 231 రూపాయల తేడాయే తనిఖీ కూలి. ముందుగా అడగని కూలికి ఎవరూ మనసు పెట్టి పని చేయలేరు. నమూనాను మొదటి ఐదు నిమిషాల నుంచి తీసుకోకండి, పరిచయాలు జరిగేటప్పుడు అందరూ నిదానంగానే మాట్లాడతారు.

గడువు కూడా ఇక్కడి నుంచే వస్తుంది. రోజుకు నాలుగు గంటలు దాటితే నా చెవి నమ్మదగినదిగా ఉండదు. కాబట్టి దీనికి టైపింగు రెండు రోజులు, తనిఖీ మూడవ రోజు ఉదయం. నేను చెప్పేది మూడవ రోజు సాయంత్రం. రేపటికే కావాలన్నవారికి తనిఖీ లేని ప్రతి ఇస్తానని నేను ఒప్పుకోను, ఆ పనినే వదులుకుంటాను.

అభ్యాసం: ఇంట్లో పెద్దవారిని అడిగి, వారి అనుమతితో పదిహేను నిమిషాలు రికార్డు చేయండి. ఈ రోజు ఒకసారి వ్రాయండి. వారం తరువాత, మొదటి ప్రతి చూడకుండా మళ్ళీ మొత్తం వ్రాయండి. రెండింటికీ తేడా వచ్చిన ప్రతి చోటా మూడవసారి విని, ఏ ప్రతి సరి అయినదో, టైపింగుకు, తనిఖీకి విడివిడిగా ఎన్ని నిమిషాలు పట్టాయో వ్రాసి పంపండి.